నొప్పి లేకుండా చూపు మసకబారితే కూడా కంటి పరీక్ష ఎందుకు?

ప్రశ్న: హెచ్‌ఐవీ ఉంది, రోగనిరోధక శక్తినిచ్చే సీడీ4 కణాలు బాగా తక్కువ. కంట్లో నొప్పి, ఎరుపు లేవు, కొంచెం మసక మాత్రమే. అయినా కంటి పరీక్ష అవసరమా?

అవసరమే, అదీ ఆలస్యం చేయకుండా. ఇది సైటోమెగలోవైరస్ కంటి వెనక వెలుతురును పట్టే పొర అయిన రెటీనాను తినేస్తున్న లక్షణం కావచ్చు.

చాలామంది పెద్దవాళ్ల ఒంట్లో ఈ వైరస్ నిద్రాణంగా ఉంటుంది. సీడీ4 లెక్క 50 కన్నా తగ్గినప్పుడు దాన్ని అదుపులో పెట్టే కణాలు చాలవు. అది రక్తం ద్వారా రెటీనాకు చేరి అక్కడి కణాలను చంపుతుంది. రెటీనాలో నొప్పిని తెలిపే నరాలు లేవు, అందుకే బాధ తెలియదు. రోగనిరోధక శక్తి తక్కువ కాబట్టి కన్ను ఎర్రబడదు కూడా.

ఉదాహరణకు సీడీ4 30 ఉన్న ఒకరు చార్టులో చివరి వరుస దాకా చదివేస్తారు. కంటిపాపను పెద్దది చేసే మందు చుక్కలు వేసి చూస్తే రెటీనా అంచున తెల్లటి మచ్చలు, వాటి పక్కన రక్తపు మరకలు కనిపిస్తాయి. అప్పుడే ఈ వైరస్‌ను అణిచే వాల్‌గాన్‌సైక్లోవిర్ మందు మొదలుపెడితే మధ్యచూపు నిలిచే అవకాశం ఎక్కువ. చనిపోయిన భాగం మాత్రం తిరిగి రాదు. అక్కడ రెటీనా పలచబడి, చిరిగి, ఊడిపోవచ్చు కూడా.

చార్టు చదవగలిగితే కన్ను బాగున్నట్టేనని చాలామంది పొరబడతారు. చార్టు మధ్యచూపునే కొలుస్తుంది, జబ్బు తరచూ అంచున మొదలవుతుంది. అందుకే సీడీ4 50 లోపు ఉన్నన్నాళ్లూ ఇబ్బంది లేకపోయినా దాదాపు 3 నెలలకోసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి. కొత్తగా నల్లచుక్కలు తేలినా, మెరుపులు కనిపించినా ఆ గడువు దాకా ఆగకూడదు.