అవతలివాళ్ళు రాసుకునేలా చెప్పమ్మా

విశాఖపట్నం,
అక్టోబర్ 19, 2026.

చిరంజీవి అమ్మడుకి మావయ్య ఆశీస్సులు.

ఇంటర్వ్యూ టైం, యాస, నోటీసు పీరియడ్, డిగ్రీ గురించి నిన్న ఫోన్‌లో నువ్వడిగినవాటికి ఏదో జవాబు చెప్పాను గానీ, ఇంటర్వ్యూ ముందురోజు మళ్ళీ చూసుకోవాలంటే కాగితం మీద ఉండాలి కదా. అందుకే రాస్తున్నాను.

మ్యూనిక్ కంపెనీవాళ్ళ మొదటి రౌండ్ చేసేది హెచ్ఆర్ ఆవిడ. నేను అక్కడ పనిచేసిన రోజుల్లో ఇలాంటి కాల్స్‌లో హెచ్ఆర్ పక్కన కూర్చునేవాణ్ణి. వాళ్ళ ముందు ఒక ఫారం తెరిచి ఉంటుంది. ఎప్పటికి చేరగలదు, ఏం చదివింది, ఆ చదువు ఇక్కడ చెల్లుతుందా, మాట అర్థమవుతోందా, ఇవీ అందులోని గడులు. మన పిల్లలకి పని బాగా వచ్చు. కానీ వాళ్ళు చెప్పినదాన్ని ఆ గడిలో ఎలా రాయాలో తెలియక ఆవిడ ఖాళీ వదిలేసేది. పదిమంది రెజ్యూమెలు పక్కపక్కన పెట్టినప్పుడు ఖాళీలున్నదాన్ని ముందు తీసేస్తారు. నీ జవాబు విన్న మనిషి దాన్ని ఉన్నదున్నట్టు రాసుకోగలగాలి. నేను చెప్పేదంతా దాని కోసమే.

ముందు టైం సంగతి. మెయిల్‌లో అక్టోబర్ 27 మంగళవారం 10:00 అని ఉందన్నావు. ఇవాళ్టి తేడా చూసుకుని మన టైం మధ్యాహ్నం ఒకటిన్నర అని రాసుకున్నావు. అది మార్చుకో. ఇప్పుడు మ్యూనిక్ మనకంటే మూడున్నర గంటలు వెనక ఉంది. ఈ ఆదివారం, 25వ తేదీన, యూరప్‌లో చాలా దేశాలవాళ్ళు గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఏటా అక్టోబర్ చివరి ఆదివారం వెనక్కి, మార్చి చివరి ఆదివారం ముందుకి. అంటే 27 నాటికి తేడా నాలుగున్నర గంటలవుతుంది. వాళ్ళ పది మన రెండున్నర. ఈసారి పొరబడితే గంట ముందు వచ్చి కూర్చుంటావు, నష్టం లేదు. అదే మార్చిలో పొరబడితే గంట ఆలస్యంగా వెళ్తావు, అప్పటికి వాళ్ళు కాల్ మూసేసి ఉంటారు. అమెరికావాళ్ళు వేరే తేదీల్లో మారుస్తారు. ఈ ఏడు నవంబర్ 1న. మధ్యలో ఉన్న ఆ ఒక్క వారం అందరి లెక్కలూ తారుమారవుతాయి.

మెయిల్లో టైం పక్కన CET అని ఉంటే దాన్నీ పూర్తిగా నమ్మకు. వేసవిలో వాళ్ళ టైం పేరు CEST, చలికాలంలో CET. కానీ చాలామంది ఏడాది పొడుగునా CET అనే రాసేస్తారు. ఊరి పేరు, తేదీ పెట్టి లెక్క చూసుకో. నువ్వు జవాబు రాసేటప్పుడు కూడా IST అని వదిలేయొద్దు. ఐర్లాండ్‌వాళ్ళకీ, ఇజ్రాయెల్‌వాళ్ళకీ కూడా IST ఉంది. ‘మ్యూనిక్ టైం ఇంత, ఇండియా టైం ఇంత, UTC+5:30’ అని రెండూ పక్కపక్కన రాసి, ఇది సరేనా అని అడుగు. ఒక్క లైను చాలు.

మధ్యాహ్నం రెండున్నరకి నువ్వు రుషికొండలో ఆఫీసులో ఉంటావు. ఆఫీసు మెట్ల మీదా, క్యాబ్‌లోనా ఇంటర్వ్యూ ఇవ్వొద్దు. మీ ఆఫీసు వైఫై మీద అయితే అసలు వద్దు. మొహమాటపడకుండా వాళ్ళని సాయంత్రం నాలుగు గంటల స్లాట్ అడుగు. అది మనకి రాత్రి ఎనిమిదిన్నర. ఎనిమిదికల్లా మధురవాడలో ఇంట్లో ఉంటావు. పగలు ఆఫీసులో ఉంటానని కారణం చెబితే ఎవరూ తప్పుగా అనుకోరు.

ఇంకొకటి. మనది అక్టోబర్, నవంబర్లలో అల్పపీడనాల ఊరు. హుద్‌హుద్ వచ్చింది కూడా 2014 అక్టోబర్ 12నే. కరెంటు పోతే రౌటర్ ఆగిపోతుంది కాబట్టి ల్యాప్‌టాప్ నిండా చార్జింగ్ పెట్టుకో. నీ ఫోన్‌లో ఒక నెట్‌వర్క్, మీ నాన్న ఫోన్‌లో ఇంకో నెట్‌వర్క్ ఉండేలా చూసుకుని హాట్‌స్పాట్ ముందే ఒకసారి కలిపి చూడు. వాళ్ళ ఫోన్ నంబర్ కాగితం మీద రాసి పెట్టుకో. నెట్ పోయినప్పుడు నంబరున్న మెయిల్ కూడా తెరుచుకోదు.

ఇక యాస. ఏదైనా కోర్సులో చేరాలా అని అడిగావు. అక్కర్లేదు. యాస మార్చుకుని మాట్లాడేవాళ్ళ మనసు సగం నోటి మీదే ఉంటుంది, జవాబు పలచబడుతుంది. అవతల జర్మన్ ఆవిడకి కూడా ఇంగ్లీష్ రెండో భాషే, ఆవిడకీ యాస ఉంటుంది. ఆవిడకి కావలసింది స్పష్టత. తెలుగువాళ్ళం ఎక్కడ జారతామో నాకు తెలుసు, ఆ మూడు చోట్లే పట్టుకో.

మొదటిది అంకెలు. నువ్వు పంపిన రికార్డింగ్‌లో ‘ఎర్రర్ రేట్ ఫిఫ్టీన్ పర్సెంట్ నుంచి తగ్గించాం’ అన్నావు. రెండుసార్లు విన్నా నాకు ఫిఫ్టీ అనే వినబడింది. ఆ రెండు అంకెల మధ్య నీ పనితనం విలువే మారిపోతుంది. ఫిఫ్టీన్ అనగానే ఆగి ‘వన్ ఫైవ్’ అను. జీతం మాట వస్తే లక్షలు, కోట్లు వాళ్ళకి తెలియవు. పన్నెండు లక్షలని కాక వన్ పాయింట్ టూ మిలియన్ రుపీస్ అని చెప్పు.

రెండోది ఊనిక. తెలుగులో అక్షరాలన్నిటికీ దాదాపు సమానంగా బరువిస్తాం. ఇంగ్లీష్‌లో ఒక్కో మాటకి ఒక్క చోటే బరువు పడుతుంది, వినేవాళ్ళు ఆ చోటుని బట్టే మాటని పోల్చుకుంటారు. కాంపొనెంట్‌లో ‘పో’ మీద, డెవలప్‌లో ‘వె’ మీద, మెయింటెనెన్స్‌లో మొదటి ‘మెయిన్’ మీద పడాలి. లోకంలోని మాటలన్నీ నేర్చుకోనక్కర్లేదు. నీ రెజ్యూమెలో పదేపదే వచ్చే మాటలకి మాత్రం నిఘంటువు యాప్‌లో ఉచ్చారణ విని, పెన్సిల్‌తో గీత పెట్టుకో.

మూడోది వాక్యం వరస. మనం ముందు కథంతా చెప్పి అసలు విషయం చివర్లో చెబుతాం. వీడియో కాల్‌లో మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి అవతలివాళ్ళకి మధ్యలోనే వరస తప్పిపోతుంది. ముందు ఫలితం చెప్పి ఆపు, తర్వాత ఎలా చేశావో చెప్పు. ఆవిడ ‘సారీ?’ అంటే అదే మాటని ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా చెప్పడం మనకి అలవాటు. వినబడకపోవడం వేరు, అర్థం కాకపోవడం వేరు. మాట మార్చి చెప్పు.

బాగుపడిందో లేదో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. రెండు నిమిషాలు రికార్డ్ చేసి, నీ ఉద్యోగం గురించి ఏమీ తెలియని మనిషికి వినిపించు. విన్న అంకెలు, పేర్లు కాగితం మీద రాయమను. తప్పు రాసిన చోటే నువ్వు సాధన చేయాల్సింది. మీ అమ్మ పనికిరాదు, నీ మాట ఆవిడకి అలవాటు.

నోటీసు పీరియడ్ దగ్గర నువ్వు టెన్షన్ పడుతున్నావు గానీ జర్మనీకి అంత అవసరం లేదు. అక్కడ చట్టం ప్రకారం కనీసం నాలుగు వారాలు, చాలా కాంట్రాక్టుల్లో మూడు నెలలు ఉంటుంది. నీ తొంభై రోజులు వాళ్ళకి వింత కాదు. అమెరికావాళ్ళకైతే రెండు వారాలు ఆనవాయితీ, కాబట్టి అక్కడ ఇది నా కాంట్రాక్టులో రాసి ఉన్న షరతు, నా ఇష్టం కాదు అని మొదటే చెప్పాలి.

నీ రెజ్యూమెలో ‘తొంభై రోజులు, నెగోషియబుల్’ అని ఉంది. ఆ నెగోషియబుల్ తీసెయ్. మన దగ్గర అది మాటవరసకి రాసేది, అక్కడ అది నువ్విచ్చిన హామీ. తర్వాత మీ మేనేజర్ వదలనంటే మాట తప్పినదానివి నువ్వే అవుతావు. దాని బదులు తేదీలు చెప్పు. నువ్వు నవంబర్ 16న రాజీనామా పెట్టావనుకో, తొంభై రోజులు ఫిబ్రవరి 14కి పూర్తవుతాయి. ‘ఆ రోజు పెడితే మార్చి 1కి చేరగలను’ అంటే ఆవిడ తేదీ రాసుకుంటుంది. తగ్గించగలవా అని అడుగుతుంది. అప్పుడు నీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏముందో తెలిసుండాలి. డబ్బు కట్టి బయటపడే వీలు ఉందా, బేసిక్ మీదా గ్రాస్ మీదా, అది నీ ఇష్టమా లేక కంపెనీ ఒప్పుకుంటేనేనా? చాలా లెటర్లలో కంపెనీ ఒప్పుకుంటేనే. అలాగైతే ‘అడుగుతాను, కానీ మార్చి 1నే లెక్కలో పెట్టుకోండి’ అని చెప్పు.

సంతకాలైన కాంట్రాక్టు చేతికి రాకుండా ఆఫర్ మెయిల్ చూసి రాజీనామా పెట్టకు. నా మాట వింటే వీసా వచ్చేదాకా ఆగు. అప్పుడు ఆ లెక్కంతా వీసా వచ్చిన రోజు నుంచి మొదలవుతుంది, ఆ సంగతి హెచ్ఆర్‌కి ఇంటర్వ్యూలోనే చెప్పు.

చివరికి డిగ్రీ. నీ రెజ్యూమెలో కాలేజీ పేరు పెద్దక్షరాల్లో, కింద ఎక్కడో చిన్నగా జేఎన్‌టీయూ కాకినాడ అని ఉంది. తారుమారు చెయ్. డిగ్రీ ఇచ్చింది యూనివర్సిటీ, కాలేజీ దానికి అనుబంధం. జర్మన్లు విదేశీ చదువుల్ని anabin అనే ప్రభుత్వ డేటాబేస్‌లో వెతుకుతారు. నువ్వు కాలేజీ పేరు చెబితే అక్కడ దొరక్కపోవచ్చు, ఇది గుర్తింపు లేనిదేమో అనుకుంటారు. యూనివర్సిటీ పేరు పూర్తిగా, నీ పట్టా మీద ఉన్నట్టే చెప్పు. నువ్వు కూడా ముందే చూసుకో. సంస్థ పక్కన గుర్తింపు ఉందని చెప్పే H+ గుర్తు ఉండాలి. అది ఒక్కటే చాలదు, నీ రకం డిగ్రీ వాళ్ళ డిగ్రీకి సమానమని విడిగా ఉండాలి. రెండు పేజీలూ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టుకో. దొరక్కపోతే కంగారు పడకు, ZAB అనే సంస్థ నీ ఒక్కదాని డిగ్రీని పరిశీలించి పత్రం ఇస్తుంది. దానికి ఫీజు, కొన్ని వారాల సమయం పడతాయి, అంతే.

మార్కులు అడిగితే 8.2 అని ఊరుకోవద్దు. అక్కడ 1 అన్నింటికంటే మంచి గ్రేడు, 4తో పాస్, 5 అంటే ఫెయిల్. పదికి 8.2 అని పూర్తిగా చెప్పు. ‘ఎలక్ట్రానిక్స్‌లో నాలుగేళ్ళ ఇంజనీరింగ్ బ్యాచిలర్స్’ అంటే సరిపోతుంది. టెన్త్, ఇంటర్ పర్సంటేజీలు తీసెయ్, ఆ గడి వాళ్ళ ఫారంలోనే లేదు.

నీ దగ్గర ప్రొవిజనల్ తప్ప ఒరిజినల్ డిగ్రీ లేదని మీ అమ్మ చెప్పింది. ఇప్పుడే దరఖాస్తు పెట్టు. వీసా దగ్గర ప్రొవిజనల్‌తో ఇరుక్కున్నవాళ్ళని చూశాను. పేరు కూడా చూసుకో. పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఉంది, మార్కుల మెమోలో ఒక్క అక్షరమే ఉంటే ఇద్దరు వేర్వేరు మనుషులనుకుంటారు. కాల్ మొదట్లోనే నిన్ను ఏ పేరుతో పిలవాలో చెప్పు, లేకపోతే గంటంతా ఇంటిపేరుతోనే పిలుస్తారు.

శనివారం మధ్యాహ్నం ఎం.వి.పి. కాలనీకి వచ్చెయ్, మీ అత్తయ్య భోజనానికి ఉండమంటోంది. అపాయింట్‌మెంట్ లెటర్, ప్రొవిజనల్, మార్కుల మెమోలు తీసుకురా. నేను హెచ్ఆర్‌లా కూర్చుని అడుగుతాను, నువ్వు చెప్పింది నా కాగితం మీద రాసుకుంటాను. నేను రాసింది నువ్వు చెప్పిందేనా కాదా ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మావయ్య