ఒక్క ర్యాంకు పంపితే చాలదండి

“నమస్తే సార్. మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా బాబు ఈఏపీసెట్ రాశాడు. మీరు ఏమేం చెబుతారో, ఎలా అడగాలో తెలియక ఆగిపోయాం. ర్యాంకు పంపితే ఏ కాలేజీ వస్తుందో చెబుతారా?”

ర్యాంకు ఒక్కటే ఉంటే చెప్పలేనమ్మా. పోయినేడు ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చూపించే పట్టిక ఒకటి ఉంటుంది. అందులో ఒక్కో బ్రాంచికీ ఓసీ అబ్బాయిలు, ఓసీ అమ్మాయిలు, బీసీ-ఏ, బీసీ-బి అని విడివిడిగా గడులుంటాయి. మీ గడి ఏదో తెలియాలంటే కులం కేటగిరీ కావాలి. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏయే ఊళ్లలో చదివాడో కూడా రాయండి. మన గోదావరి జిల్లాలు ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలోవే. కానీ లోకల్ అవునా కాదా అనేదానికి ఇల్లు ఎక్కడుందన్నదాని కంటే ముందు చదువు ఎక్కడ సాగిందో చూస్తారు. ఇంటర్ హైదరాబాద్‌లో చదివించినవాళ్లు ఈ సంగతి తప్పకుండా చెప్పాలి.

అవి వచ్చాక నేను చేసేది ప్రధానంగా వెబ్ ఆప్షన్ల వరస సరిచూడటం. ఒకసారి ఒక తండ్రి పద్నాలుగు ఆప్షన్లు నోటుబుక్కు కాగితం మీద రాసి తెచ్చారు. బస్సు దిగి నడిచి వెళ్లగలిగే కాలేజీ మొదట ఉంది. పిల్లాడు కోరుకున్న ఈసీఈ, కాకినాడలోది, పదకొండోది. ఆ గడిలో పోయినేడు ఆగిన ర్యాంకు ఇతని ర్యాంకు కంటే పెద్ద అంకె, అంటే అందే దూరంలోనే ఉంది. కంప్యూటర్ పైనుంచి చూసుకుంటూ వచ్చి, దొరికిన మొదటి సీటు దగ్గరే ఆగిపోతుంది. పదకొండో దాకా రానే రాదు. కాకినాడను పైకి తెచ్చాం. అది రాకపోయినా ఊరి దగ్గరి కాలేజీ ఎక్కడికీ పోదు, కిందే ఉంటుంది. పెద్ద కాలేజీ పైన పెడితే ఉన్నదీ పోతుందని చాలామందికి టెన్షన్. అలా పోదు. ఇష్టం ఉన్న వరసలోనే పెట్టండి.

సీటు గ్యారంటీ అని మాత్రం నేను చెప్పను. పోయినేటి అంకె ఈ ఏడు అక్కడే ఆగాలని లేదు. ఏ కాలేజీ నుంచీ కమీషన్ తీసుకోను. మీ పాస్‌వర్డు, ఓటీపీ అడగను, ఆప్షన్లు మీ బాబే పెట్టుకోవాలి. “మేమే పెడతాం, ఓటీపీ చెప్పండి” అంటూ ఇంటికొచ్చేవాళ్లకు అసలు ఇవ్వకండి. వాళ్లు పెట్టే మొదటి ఆప్షన్ వాళ్ల కాలేజీయే. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడితే, అది కన్వీనర్ కోటా సీటుకేనని, మేనేజ్‌మెంట్ కోటాకు రాదని ముందే తెలుసుకోండి.

ఫోన్ కంటే ముందు రాసి పంపండి. అంకెలు మాటల్లో తప్పుతాయి. వీలైతే బాబు చేతే రాయించండి, ఏ బ్రాంచి ఇష్టమో వాడి మాటల్లోనే. ఆప్షన్లకు ఆఖరి రోజు రాత్రి వస్తే మార్చడానికి టైము ఉండదు, కనీసం రెండు రోజుల ముందు పంపండి.