సాక్సు అందట్లేదు: తుంటి కీలు అరిగితే వ్యాయామం చెయ్యొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 60 ఏళ్లండి. మాది భీమవరం పక్కన పల్లెటూరు. మొన్నటిదాకా కౌలు వ్యవసాయం చేశాను. ఇప్పుడు ఒక కాలేజీ గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీ. బూట్లు, సాక్సులు తప్పనిసరి. ఏడాదిగా కుడికాలి సాక్సు తొడుక్కోలేకపోతున్నాను, మా ఆవిడే తొడుగుతోంది. పొద్దున లేవగానే తుంటి పట్టేసి, పావుగంటకి సర్దుకుంటుంది. నొప్పి గజ్జలో మొదలై మోకాలి దాకా లాగుతుంది. ఎక్స్‌రే తీసి కీలు అరిగిందన్నారు. వ్యాయామం చెయ్యమని ఒకరు, చేస్తే ఇంకా అరుగుతుందని ఇంకొకరు అంటున్నారు. షుగరు ఎనిమిదేళ్లుగా ఉందండి. ఏం చెయ్యమంటారు?

జవాబు: చెయ్యండి. మీకు తగ్గ వ్యాయామంతో కీలు ఇంకా అరిగిపోదు. కీలులో అందరూ గుజ్జు అనే మెత్తటి పొరకి రక్తనాళాలు ఉండవు. కీలు కదిలినప్పుడు చుట్టూ ఉన్న జిగురు ద్రవం దానిలోకి వెళ్లి వస్తుంటేనే దానికి పోషణ. కాలు కదపడం మానేస్తే గుజ్జు మిగలదు సరికదా, చుట్టూ ఉన్న కండ కూడా సన్నబడుతుంది. అయితే మీ తుంటిలో సాగేది ఏది, సాగనిది ఏది అన్నది తెలుసుకుని చెయ్యాలి. తుంటి నొప్పికి వ్యాయామం మొదలుపెట్టి వారానికే వదిలేసేవాళ్లలో చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే.

మన దగ్గర తుంటి అంటే చెయ్యి వెనక్కి పోనిచ్చి పిర్ర మీద పెడతారు. ఆ నొప్పి చాలాసార్లు నడుము నుంచి వచ్చేది. పిర్ర నుంచి మోకాలు దాటి పిక్కలోకి, పాదంలోకి దిగి, తిమ్మిరి కూడా ఉంటే నడుము దగ్గర నరాన్ని అనుమానించాలి. అసలు తుంటి కీలు గజ్జకి లోపల, బాగా లోతులో ఉంటుంది. తొడ ఎముక పైనున్న బంతి, కటి ఎముకలోని గిన్నెలో కూర్చుని తిరుగుతుంది. అందుకే దాని నొప్పి గజ్జలో, తొడ ముందు భాగంలో తెలుస్తుంది, మోకాలి దాకా పోతుంది. ఏడాదిపాటు మోకాలికి మందులు వాడి, చివరికి తుంటి అని తేలినవాళ్లని నేను చాలామందిని చూశాను.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. కుర్చీలో నిటారుగా కూర్చుని, రెండు మోకాళ్లూ ఆనించి ఉంచి, పాదాలు రెంటినీ చెరో పక్కకి బయటికి జరపండి. కుడి పాదం ఎడమదాని కంటే బాగా తక్కువ దూరం పోయి, గజ్జలో పట్టేస్తే, తుంటి కీలు లోపలికి తిరగడం తగ్గిందన్నమాట. అరుగుదలలో మొట్టమొదట పోయేది సాధారణంగా ఈ కదలికే. మీ వయసు, పొద్దున పావుగంటలో సర్దుకునే బిగువు, గజ్జ నొప్పి దీనికి తోడైతే అరుగుదల అన్న మాట నమ్మవచ్చు. ఆ బిగువు గంట దాటి ఉంటే మాత్రం వాతానికి సంబంధించిన వేరే జబ్బుల కోసం రక్తపరీక్షలు అడిగేవాణ్ణి.

ఇక సాక్సు సంగతి. పాదం చేతికి అందాలంటే తుంటి బాగా మడవాలి, తొడ బయటికి తిరగాలి, మోకాలు పక్కకి ఒరగాలి. మూడూ ఒకేసారి జరగాలి. మీకు వీటిని అడ్డుకుంటున్నవి రెండు రకాలు. ఒకటి మెత్తటిది: కీలుని చుట్టి సంచిలా ఉండే పొర దళసరెక్కి బిగుసుకుంటుంది, కండలు కురచవుతాయి. ఇది నెలల మీద కొంత సాగుతుంది. రెండోది గట్టిది: బంతి అంచున, గిన్నె అంచున మొలిచిన ఎముక బొడిపెలు ఒకదానికొకటి తగలడం. దీన్ని ఏ వ్యాయామమూ కరిగించదు.

ఏది అడ్డు పడుతోందో కాలు మడిచినప్పుడు మీకే తెలుస్తుంది. వెల్లకిలా పడుకుని, రెండు చేతులతో కుడి తొడని వెనక నుంచి పట్టుకుని, మోకాలిని మెల్లగా పొట్ట వైపు తెచ్చుకోండి. పిర్రలో, తొడ వెనక లాగినట్టు అనిపిస్తే అది మెత్తటి బిగువు, దాన్ని సాగదీయవచ్చు. అలా కాకుండా గజ్జ ముందు నొక్కుకుపోయినట్టు, తలుపు గడపకి తగిలి ఆగినట్టు అనిపిస్తే అక్కడ ఎముక అడ్డు. ఆ దారిలో బలవంతం చేస్తే మర్నాడు నడవలేరు. మోకాలిని కాస్త కుడి భుజం వైపు, బయటికి ఒరిగించి మళ్లీ చూడండి. చాలామందికి ఆ దారిలో ఇంకొంచెం జాగా దొరుకుతుంది, సాక్సుకి కావలసిన దారి కూడా అదే.

ఆచంట వైపు నుంచి వచ్చిన ఒక కొబ్బరి వ్యాపారికి 62 ఏళ్లు, ఆయనదీ కుడి తుంటే. స్టూలు మీద పాదం పెట్టి వంగితే వేళ్లు పిక్క మధ్యదాకా పోయేవి. ఎవరో చెప్పారని రోజూ మోకాలిని తిన్నగా గుండెల మీదకి అదిమిపెట్టేవారు, నొప్పి పెరిగేది. ఆ ఒక్కటీ ఆపించి, మోకాలు బయటికి ఒరిగించే దారి పట్టించాం. పొద్దున వేణ్ణీళ్ల స్నానం అయ్యాక, వెల్లకిలా ఈ మడత 30 సెకన్ల చొప్పున నాలుగుసార్లు. తర్వాత మోకాలు మడిచి, పాదం మంచం మీదే ఉంచి, మోకాలిని దాని బరువుతో పక్కకి వాలనివ్వడం, అదీ నాలుగుసార్లు. ఆ పైన అయిదు నిమిషాలు బోర్లా పడుకోవడం. రోజంతా గల్లాపెట్టె దగ్గర కూర్చునే మనిషికి తుంటి ముందువైపు కండలు కురచవుతాయి. బోర్లా పడుకుంటే అవి సాగుతాయి.

రోజు విడిచి రోజు బలం కోసం మూడు చేయించాం. మొదటిది, వెల్లకిలా మోకాళ్లు మడిచి పిర్రలు పైకి ఎత్తి అయిదు సెకన్లు నిలపడం. రెండోది, కిటికీ ఊచ పట్టుకుని నిలబడి, ఒళ్లు ఒరగకుండా కాలిని పక్కకి ఎత్తడం. మూడోది, చేతుల సాయం లేకుండా ఎత్తు కుర్చీలోంచి లేచి కూర్చోవడం. ఒక్కోటి పదేసి, రెండు విడతలు. మొదటి మూడు వారాలు ఏమీ తేడా లేదని ఆయన విసుగుపడ్డారు. ఆరో వారానికి వేళ్లు చీలమండకి చేరాయి. పన్నెండో వారానికి స్టూలు మీద పాదం పెట్టి సాక్సు తనే తొడుక్కున్నారు. మళ్లీ తీసిన ఎక్స్‌రేలో మార్పేమీ లేదు, కాలు లోపలికి తిరగడమూ తిరిగి రాలేదు. మెత్తటి బిగువు వదిలింది, గట్టిది అలాగే ఉంది.

అందరికీ అంత ఫలితం వస్తుందని మాట ఇవ్వలేను. తుంటి అరుగుదలకి వ్యాయామం మీద జరిగిన పరీక్షలను కలిపి చూసిన 2014 కాక్రేన్ సమీక్షలో, 100 పాయింట్ల కొలత మీద నొప్పి సగటున 8 పాయింట్లు తగ్గిందని తేలింది. పెద్ద తేడా కాదు. కానీ షుగరు ఉన్న మనిషి కిడ్నీని ప్రమాదంలో పెట్టకుండా దొరికే తేడా అది. నొప్పి బిళ్లలు నెలల తరబడి మింగి కిడ్నీలు పాడుచేసుకున్నవాళ్లని చూశాక, నేను వ్యాయామాన్నే ముందు రాస్తాను.

మీరూ ఇవే మొదలుపెట్టండి, కానీ అయిదేసి సార్లతో. నొప్పిని సున్నా నుంచి పదిదాకా లెక్కేసుకోండి. చేస్తున్నప్పుడు నాలుగు దాకా ఉన్నా పర్వాలేదు. మర్నాడు పొద్దుటికి మామూలు స్థాయికి దిగాలి. దిగకపోతే వ్యాయామం మానకండి, సగానికి తగ్గించండి. ఆదివారం ఆదివారం స్టూలు మీద పాదం పెట్టి, వేళ్లు ఎక్కడిదాకా అందాయో క్యాలెండరు మీద రాసుకోండి. ఎక్స్‌రే కంటే ఆ రాతే నాకు ఎక్కువ చెబుతుంది.

నడకకి కాలువ గట్టు వద్దు. గట్టు ఒక పక్కకి వాలి ఉంటే ఒక కాలు ఎత్తులో, ఒక కాలు పల్లంలో పడి తుంటి మీద భారం పెరుగుతుంది. చదునైన రోడ్డు మీద నడవండి. సైకిల్ ఇంకా మంచిది, మన డెల్టాలో ఎత్తుపల్లాలు లేవు కదా. సీటు బాగా పైకి లేపించండి, తొక్కేటప్పుడు తుంటి ఎక్కువ మడవక్కర్లేదు. కాలు ఎత్తి దాటించడం కష్టం కాబట్టి అడ్డకమ్మీ లేని లేడీస్ సైకిలే తొక్కండి. డ్యూటీలో అరగంటకోసారి భంగిమ మార్చండి. కూర్చోవడానికి మోకాళ్ల కంటే తుంటి ఎత్తులో ఉండే స్టూలు అడగండి. నడకలో కుంటు వస్తుంటే చేతికర్ర ఎడమ చేత్తో పట్టాలి. నొప్పి ఉన్న వైపే పట్టుకుంటే కీలు మీద బరువు అంతగా తగ్గదు.

ఈలోగా మీ ఆవిడకి శ్రమ లేకుండా ఒక ఏర్పాటు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా మెడ, అడుగు కోసేసి, మధ్య గొట్టాన్ని నిలువునా సగానికి చీల్చండి. అంచులకి టేపు వెయ్యండి, లేకపోతే చర్మం కోసుకుంటుంది. ఒక చివర రెండు కన్నాలు చేసి పొడుగాటి తాళ్లు కట్టండి. సాక్సుని రెండో చివర నుంచి ఆ దోనె మీదకి, సాక్సు వేళ్ల భాగం దాని కొసకి తగిలేదాకా ఎక్కించి నేల మీద పడేసి, పాదం దోపి తాళ్లు లాగితే సాక్సు కాలికి ఎక్కి దోనె బయటికి వచ్చేస్తుంది. ముందు కుడికాలికి తొడగండి, విప్పేటప్పుడు కుడిది చివర.

ఎవరైనా ఒక్క ఇంజెక్షన్‌తో నొప్పి పోతుందన్నా, పేరులేని పొడి మందు ఇచ్చినా ఒప్పుకోకండి. వాటిలో స్టెరాయిడ్ ఉంటే మీ షుగరు అదుపు తప్పుతుంది. ఎక్కువకాలం వాడితే తుంటి బంతికి రక్తం అందక అది కుంగిపోయే జబ్బు రావచ్చు. ఇప్పటికే అలాంటివి వాడి ఉన్నా, మద్యం అలవాటు బాగా ఉన్నా ఎముకల డాక్టరుకి దాచకుండా చెప్పండి, ఎమ్మారై అవసరం కావచ్చు.

పడ్డాక కాలు మోపలేకపోయినా, జ్వరంతో గజ్జ నొప్పి వచ్చినా, బరువు తగ్గిపోతున్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. అవేమీ లేకుండా మూడు నెలలు శ్రద్ధగా చేశాక కూడా రాత్రి నిద్ర పట్టనివ్వని నొప్పి, రోజురోజుకీ తగ్గిపోయే నడక ఉంటే కీలు మార్పిడి గురించి సర్జన్‌తో మాట్లాడే సమయం వచ్చినట్టే. 60 ఏళ్లు దానికి తక్కువ వయసేమీ కాదు. ఆపరేషన్‌కి ముందు బలపరచుకున్న కండలు తర్వాత నడవడానికీ పనికొస్తాయి.

ఒక్క విషయం మీరు అడగలేదు. సాక్సు అందని పాదం కంటికీ అందదు. షుగరు మనిషికి బూటు లోపల చిన్న పుండు పడినా నొప్పి తెలియకపోవచ్చు. రాత్రి సాక్సు విప్పాక నేల మీద అద్దం పెట్టి కుడి అరికాలు చూసుకోండి, వేళ్ల సందులు మీ ఆవిడ చేత చూపించుకోండి. గోళ్లు మాత్రం వంగి మీరే తీసుకునే ప్రయత్నం చెయ్యకండి, ఆమె చేతే తీయించుకోండి.