గది రంగుకి కొలతలు: ఏం కలపాలి, ఏం తీసేయాలి

అమ్మలూ,

మొన్న ఫోన్లో "పెదనాన్నా, గదికి ఎన్ని లీటర్ల రంగు పడుతుంది" అని అడిగితే ఏదో ఒక అంకె చెప్పేసేవాణ్ణే. కానీ గది చూడకుండా చెప్పే అంకె సగంసార్లు తప్పుతుంది. టేపు, కాగితం, పెన్సిలు ఉంటే నువ్వే పావుగంటలో తేల్చుకోవచ్చు. నువ్వు పంపిన కొలతలతోనే చేసి చూపిస్తాను.

నీ గది 12 అడుగుల 6 అంగుళాల పొడవు, 10 అడుగుల 3 అంగుళాల వెడల్పు, 9 అడుగుల 6 అంగుళాల ఎత్తు. ఇక్కడే చాలామంది బోర్లా పడతారు. 9 అడుగుల 6 అంగుళాలని కాల్కులేటర్లో 9.6 అని కొట్టేస్తారు. అడుగుకి 12 అంగుళాలు కదా, 6 అంటే సగం, అంటే 9.5. అలాగే 10 అడుగుల 3 అంగుళాలు 10.25. అంగుళాలని 12తో భాగించి ఆ వచ్చినదాన్ని అడుగులకి కలుపు, అంతే. 9 అడుగుల 10 అంగుళాలని 9.10 అని కొట్టినవాళ్ళని కూడా చూశాను, అసలు అది 9.83, ఆ ఒక్క పొరపాటుతోనే గది చుట్టూ ముప్పై చదరపు అడుగులకి పైగా మాయమైపోయింది.

నాలుగు గోడల్నీ విడివిడిగా లెక్కకట్టక్కర్లేదు. చుట్టుకొలత తీసి ఎత్తుతో హెచ్చవేయి. 12.5కి 10.25 కలిపితే 22.75, దాన్ని రెట్టిస్తే 45.5 అడుగులు. దాన్ని 9.5తో హెచ్చవేస్తే సుమారు 432 చదరపు అడుగులు. సీలింగ్ ఇందులో లేదు. దానికి వేరే రంగు, వేరే డబ్బా, కాబట్టి దాని లెక్క వేరే కాగితం మీద వేసుకో.

ఇప్పుడు తీసివేతలు. కొలిచేటప్పుడు తలుపు రెక్కని కొలవకు, చట్రం బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలువు, ఎందుకంటే గోడ రంగు ఆగేది అక్కడ. నీకు పెద్ద తలుపు 3 బై 7, అంటే 21. బాత్రూం తలుపు రెండున్నర బై 7, అంటే 17.5. కిటికీ 5 బై 4, అంటే 20. మొత్తం 58.5. బాత్రూం తలుపు పక్కనున్న చిన్న వెంటిలేటర్ని వదిలెయ్, అంత చిన్నవాటిని తీసేయకపోవడమే మంచిది, వాటి అంచుల చుట్టూ బ్రష్‌తో దిద్దడానికే ఆ కాస్త రంగూ పోతుంది. 432లోంచి 58.5 తీస్తే 373.5.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ నీ కిటికీ దగ్గర ఒకసారి నిలబడి చూడు. చట్రం గోడకి బయటివైపు కూర్చుని ఉంది కదా, లోపలివైపు ఆరంగుళాల మందం గోడ కనిపిస్తోంది, దానికీ రంగు వెయ్యాలి. కింద రాయి పరిచారు కాబట్టి అది వద్దు, పైన 5, పక్కలు 4, 4, మొత్తం 13 అడుగుల పొడవు, అర అడుగు వెడల్పు, అంటే 6.5 చదరపు అడుగులు. చూశావా, 20 తీసేశామనుకున్న కిటికీ మూడోవంతు తిరిగి తీసేసుకుంది! పెద్ద తలుపు చట్రం కూడా హాలు వైపుకి ఉందన్నావు, అక్కడ 7, 7, 3 కలిపి 17 అడుగులు, సగం 8.5. బాత్రూం తలుపు గదివైపు గోడకి సమంగానే ఉంది కాబట్టి దానికేం లేదు. ఈ 15 తిరిగి కలిపితే 388.5, మనం 389 అనుకుందాం.

హాలుకి కూడా రంగు వేయిస్తే ఆ పెద్ద తలుపుని అక్కడ కూడా తీసేయాలి. ఒకటే తలుపు కదా, ఒకసారి తీశాంగా అనుకోకు, అది రెండు గోడ ముఖాల్నీ తింటుంది.

ఇక కోటింగులు. రెండు కోటింగులకి 389 రెట్టిస్తే 778. తీసివేతలన్నీ అయ్యాకే రెట్టించు. ముందు 432ని రెట్టించి తర్వాత తలుపుల్ని ఒక్కసారే తీస్తే, మొదటి కోటింగులో తలుపులకి కూడా రంగు వేసినట్టే. డబ్బా మీద లీటరుకి ఎన్ని చదరపు అడుగులు వస్తుందో రాసి ఉంటుంది. అది ఒక కోటింగుకా, రెండు కోటింగులకా అన్నది కళ్ళజోడు పెట్టుకుని మరీ చదువు. నేనొకసారి మా ఇంట్లోనే ఒక కోటింగు అంకెని రెండింటికనుకుని సగం రంగే తెచ్చాను. రెండో కోటింగు సగం గోడ దగ్గర ఆగిపోయింది. మళ్ళీ వెళ్ళి అదే నంబర్ షేడ్ కలిపించి తెచ్చినా, సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఆ అతుకు గీత స్పష్టంగా కనబడేది. మీ పెద్దమ్మ అక్కడ బీరువా పెట్టించేదాకా ఆ గీతే నన్ను చూసి నవ్వేది.

నీ డబ్బా మీద ఒక కోటింగుకి లీటరు 120 అని ఉందనుకుందాం. 778ని 120తో భాగిస్తే దాదాపు ఆరున్నర లీటర్లు. రోలర్‌కి, ట్రేకి అంటుకుపోయేది, తర్వాత గీతలు పడితే దిద్దుకోవడానికి ఒక పదో వంతు కలుపుకుంటే ఏడు లీటర్ల పైచిలుకు. నాలుగు లీటర్ల డబ్బాలు రెండు తీసుకో. రెండూ ఒకేసారి కలిపించి, ఇంటికొచ్చాక పెద్ద బకెట్‌లో ఒకటిగా పోసి కలిపెయ్, డబ్బాకీ డబ్బాకీ ఉండే చిన్న తేడా పోతుంది. ఈ లీటర్లన్నీ నీళ్ళు కలపకముందువి, పలచన చేశాక బకెట్ నిండా కనిపిస్తే సరిపోతుందిలే అనుకోకు.

నీ లెక్క కరెక్టో కాదో పని మొదలైన గంటలోనే తెలిసిపోతుంది. తలుపూ కిటికీ లేని పొడవు గోడ నీకొకటుంది, 12.5 బై 9.5, దాదాపు 119 చదరపు అడుగులు. అంటే ఒక కోటింగుకి లీటరు పట్టాలి. సరిగ్గా ఒక లీటరు వేరుగా కొలిచి, దానికి నీళ్ళు కలిపి ఆ గోడతోనే మొదలుపెట్టించు. మూలదాకా వస్తే సరే. మూడు నాలుగు అడుగుల ముందే అయిపోతే గోడ ఎక్కువ పీలుస్తోందన్నమాట. పుట్టీ పెట్టాక ప్రైమర్ సరిగ్గా పడకపోతే ఇలాగే అవుతుంది. రెండో కోటింగు ఇంత పీల్చదు కాబట్టి టెన్షన్ పడి వెంటనే ఇంకో పెద్ద డబ్బాకి పరిగెత్తకు. మొదటి కోటింగు మొత్తం అయ్యాక మిగిలింది చూడు. ఆ గోడకి లీటరుంపావు పట్టిందనుకో, మొదటి కోటింగుకి నాలుగు లీటర్ల పైన పోతుంది, నీ దగ్గర ఎనిమిది ఉన్నాయి కాబట్టి గట్టెక్కుతావు. ఒకవేళ తెచ్చుకోవాల్సొస్తే రెండో కోటింగు మొదలుపెట్టకముందే తెచ్చి పాతదాంట్లో కలిపెయ్, గోడ మధ్యలో మాత్రం డబ్బా మార్చకు.

కిటికీ గోడలో బీరువాలు కట్టించాలనుందన్నావు. నేల నుంచి సీలింగ్ దాకా 7 అడుగుల వెడల్పు అయితే 66.5 చదరపు అడుగులు, నీ తలుపులూ కిటికీ అన్నీ కలిపినదానికంటే ఎక్కువ. వెనక గోడకి రంగు వేయించాలా వద్దా అన్నది ఇప్పుడే తేల్చుకుని చెప్పు. వద్దంటే ఒక లీటరు తగ్గుతుంది, లెక్క మళ్ళీ వేసి పంపు, చూస్తాను.

మీ పెదనాన్న