మందు తాగుతూ సిగరెట్ కాలిస్తే నోటి, గొంతు క్యాన్సర్ రిస్క్ అంతలా ఎందుకు పెరుగుతుంది? రెండూ విడివిడిగా చెడ్డవే కదా?

పొగాకులోని విషాల్ని కణాల లోపలికి పంపే పని మందు చేస్తుంది, అందుకే రిస్క్ కూడికలా కాకుండా గుణకారంలా పెరుగుతుంది.

నోటి లోపలి పల్చటి పొర మామూలుగా చాలావరకు అడ్డుకుంటుంది, కానీ ఆల్కహాల్ తగిలితే ఆ పొర వదులై పొగాకులోని నైట్రోసమైన్ల లాంటి క్యాన్సర్ తెచ్చే రసాయనాలు సులువుగా లోపలికి దిగుతాయి. పైగా నోట్లో ఉండే బ్యాక్టీరియా ఆల్కహాల్‌ని అక్కడికక్కడే ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుస్తాయి, అది డీఎన్ఏని పాడు చేస్తుంది, పాడైనదాన్ని కణం బాగు చేసుకోవడానికీ అడ్డుపడుతుంది. సిగరెట్ తాగేవాళ్ల లాలాజలంలో ఇది ఇంకా ఎక్కువ తయారవుతుంది, అంటే సాయం రెండువైపులా జరుగుతోందన్నమాట.

1988లో అమెరికాలో లెక్క కడితే, రెండు అలవాట్లూ లేని మగాళ్లతో పోలిస్తే బాగా సిగరెట్ మాత్రమే తాగేవాళ్లకి రిస్క్ సుమారు 7 రెట్లు, బాగా మందు మాత్రమే తాగేవాళ్లకి సుమారు 6 రెట్లు తేలింది. రెండూ ఉన్నవాళ్లకి కూడితే 13 రెట్లు దాటకూడదు కదా, 35 దాటింది.

చాలామంది "నేను బీరే తాగుతా, విస్కీ కాదు, నాకేం కాదు" అంటారు. 5 శాతం ఉన్న 650 ఎంఎల్ బీరులో సుమారు 32 ఎంఎల్ ఆల్కహాల్ ఉంటుంది, 60 ఎంఎల్ విస్కీ పెగ్గులో 26 దాకానే (బీరే ఎక్కువ!). గుట్కా, ఖైనీ అయినా అంతే, పొగ లేకపోయినా నైట్రోసమైన్లు వాటిలోనూ ఉంటాయి, బుగ్గలో పెట్టుకుంటే గంటలకొద్దీ అక్కడే ఊరుతుంటాయి.