అమ్మిన బొమ్మలను ‘గిఫ్ట్’ అని రాసి విదేశాలకు పంపవచ్చా?

ప్రశ్న: కొండపల్లి బొమ్మలు కొని ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాను. గత నెల న్యూజెర్సీలో ఉండే ఒకావిడకు 24,000 రూపాయల దశావతారాల సెట్టు కొరియర్‌లో పంపాను. ఏజెంటు కాగితంలో గిఫ్ట్ అని, విలువ 20 డాలర్లు అని రాశాడు. అక్కడి కస్టమ్స్ ఆపేసింది. ఆవిడ సుంకం కట్టనంటోంది, కొరియర్ వాళ్ళు నన్ను కట్టమంటున్నారు. ఇప్పుడు డాలస్ నుంచి అలాంటి సెట్టుకే ఆర్డరు వచ్చింది. ఆయన కూడా గిఫ్ట్ అనే రాయమంటున్నారు. డబ్బు గుంటూరులో ఉన్న వాళ్ళ నాన్నగారు యూపీఐలో పంపుతారట. అలా పంపవచ్చా? మొదటి పార్శిల్ డబ్బు ఎవరు కట్టాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: డాలస్ పార్శిల్ ఇంకా మీ ఇంట్లోనే ఉంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. మీరు చెప్పిన పద్ధతిలో దాన్ని పంపకండి.

గిఫ్ట్ అని రాస్తే సుంకం ఉండదన్న మాట మన దగ్గర చాలామంది నోట వింటాను. అది సగం మాటే. అమెరికాలో నిజమైన గిఫ్ట్‌కు మినహాయింపు ఉంది, కానీ దాని హద్దు 100 డాలర్లు. 24,000 రూపాయల సెట్టు ఆ హద్దు దాటిపోతుంది. అంటే అది నిజంగా గిఫ్టే అయినా సుంకం పడుతుంది. అందుకే ఏజెంట్లు ఆ మాటతో ఆగరు, విలువ కూడా 20 డాలర్లకు దించేస్తారు. చిక్కంతా అక్కడే. ఇదివరకు 800 డాలర్ల లోపు పార్శిళ్ళకు అమెరికాలో సుంకమే ఉండేది కాదు. 2025 ఆగస్టు 29 నుంచి ఆ వెసులుబాటు తీసేశారు. అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని చిన్న పార్శిల్ కాగితాలను ఇప్పుడు చూస్తున్నారు. పదిమంది దేవుళ్ళున్న చెక్క బొమ్మల సెట్టు, రెండు మూడు కిలోల బరువు, విలువ 20 డాలర్లు అంటే ఏ అధికారికైనా అనుమానం వస్తుంది. మీ ఆన్‌లైన్ పేజీ తెరిస్తే అసలు ధర అక్కడే కనిపిస్తుంది.

మన వైపు నుంచి చూస్తే, కాగితం నింపింది ఏజెంటైనా పంపినవారుగా సంతకం మీది. తెలిసీ తప్పు వివరాలు ఇస్తే కస్టమ్స్ చట్టం, 1962లోని 114ఏఏ సెక్షన్ కింద సరుకు విలువకు ఐదు రెట్ల దాకా జరిమానా వేయవచ్చు. మీ సెట్టుకు అది 1,20,000 రూపాయల దాకా వెళ్ళగలదు. ప్రతి కేసులోనూ అంత వేస్తారని కాదు, వేసే అధికారం ఉంది. మొదటి పార్శిల్‌కు ఏజెంటు రాశాడు, నాకు తెలియదు అని చెప్పుకోవచ్చు. ఇదంతా తెలిశాక రెండోసారి ఆ మాట నిలవదు.

గుంటూరు నాన్నగారి డబ్బు సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎగుమతి చేసిన సరుకు డబ్బు విదేశం నుంచి బ్యాంకు ద్వారా మీ ఖాతాకు రావాలి. బ్యాంకు దానికి ఎగుమతి తాలూకు పర్పస్ కోడ్ వేసి, డబ్బు వచ్చినట్టు కాగితం ఇస్తుంది. గుంటూరు నుంచి యూపీఐలో పడిన రూపాయలకు ఆ కాగితం పుట్టదు. రేపు జీఎస్టీ వాళ్ళు అడిగితే ఇది ఎగుమతి అని చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు, మామూలు దేశీయ అమ్మకంగా లెక్కగట్టి పన్ను అడగవచ్చు. బంధువులు ఇంటి ఖర్చులకు డబ్బు పంపే మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటర్లూ దీనికి పనికిరావు. అవి వ్యక్తిగత అవసరాలకే.

ఇందులో ఒక సక్రమమైన దారి మాత్రం ఉంది. నాన్నగారే మీ దగ్గర తన డబ్బుతో సెట్టు కొన్నారనుకోండి. మీరు ఆయన పేరు మీద బిల్లు ఇస్తారు. మీకది గుంటూరు మనిషికి చేసిన అమ్మకం. తర్వాత ఆయన తన గుర్తింపు కార్డుతో, పంపేవారుగా తన పేరు రాసి కొడుక్కు పంపుకుంటారు. అది నిజమైన గిఫ్టే. కానీ విలువ 24,000 అనే రాయాలి, 100 డాలర్లు దాటింది కాబట్టి అక్కడ సుంకమూ పడుతుంది. కొడుకు ఆర్డరిచ్చి, బేరమాడి, నాన్న ఫోనులోంచి డబ్బు మాత్రం పంపిస్తే అది గిఫ్ట్ కాదు, అమ్మకమే.

మామూలుగా అమ్మే పద్ధతి చెబుతాను. కేంద్ర విదేశీ వాణిజ్య విభాగమైన డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో 500 రూపాయలు కట్టి ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతుల కోడ్ తీసుకోండి. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు దాన్ని అప్‌డేట్ చేయాలి, లేకపోతే పనిచేయకుండా పోతుంది. మార్పులేమీ లేకపోయినా అదే అని ధ్రువీకరించాల్సిందే. ఎగుమతిని జీఎస్టీ చట్టం అంతర్రాష్ట్ర సరఫరాగా చూస్తుంది, కాబట్టి రిజిస్ట్రేషన్ తీసుకోవడమే క్షేమం. ఆపైన ప్రతి ఆర్థిక సంవత్సరానికి ఎల్‌యూటీ అనే హామీ పత్రం ఇచ్చుకుంటే పన్ను ముందుగా కట్టకుండానే ఎగుమతి చేయవచ్చు. కొరియర్‌లో పంపితే సీఎస్‌బీ-5 అనే వాణిజ్య ఫారంలో పంపమనండి. గిఫ్టులకూ శాంపిళ్ళకూ వాడేది సీఎస్‌బీ-4. మీ మొదటి పార్శిల్ అందులో వెళ్ళి ఉంటుంది, రసీదు తీసి చూసుకోండి. పోస్టులో అయితే డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం ద్వారా పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ ఆన్‌లైన్‌లో వేయవచ్చు.

ఇన్వాయిస్‌లో రెండు చోట్ల మనవాళ్ళు ఊరికే నష్టపోతారు. ఒకటి రవాణా ఖర్చు. సెట్టు 24,000, కొరియర్ 4,500 అనుకుందాం. అమెరికా సుంకం లెక్కించేటప్పుడు విదేశీ రవాణా ఖర్చును కలపదు. మీరు రెండింటినీ విడివిడిగా రాస్తే సుంకం 24,000 మీదే. ‘షిప్పింగ్ ఫ్రీ’ అని చెప్పి 28,500 అని ఒకే అంకె రాస్తే దాని మీద పడుతుంది. లెక్క తేలిక కోసం రేటు పది శాతం అనుకుంటే 2,400 కట్టాల్సిన చోట 2,850 అవుతుంది. అసలు రేటు మాత్రం పంపే రోజున చూసుకోవాలి. 2025 నుంచి అమెరికా మన సరుకు మీద వేసే అదనపు సుంకం చాలాసార్లు మారింది, పోయిన నెల అంకెను ఈ నెల వాడకండి. బ్రిటన్ లెక్క వేరు. అక్కడ రవాణా ఖర్చు కూడా కలుస్తుంది, సుంకం సున్నా ఉన్నా 20 శాతం వ్యాట్ ఉంటుంది. ఇదే సెట్టు లండన్ వెళ్తే 28,500 మీద 5,700 వ్యాట్ పడుతుంది.

రెండోది సరుకు పేరు. తెలుగులో ఆడుకునేదీ బొమ్మే, కొలువులో పెట్టేదీ బొమ్మే. ఇంగ్లిష్ ఫారంలో టాయ్స్ అని రాశారంటే అది పిల్లల ఆట వస్తువుల కోడ్ 9503 కిందికి వెళ్ళిపోతుంది. అమెరికాలో 12 ఏళ్ళు, అంతకంటే చిన్న పిల్లల ఆట వస్తువులకు ల్యాబ్ పరీక్ష, దాని సర్టిఫికెట్ ఉండాలి. రంగులో సీసం 90 పీపీఎం దాటకూడదు. దశావతారాల సెట్టు అలంకార వస్తువు. చెక్క విగ్రహాలు, అలంకరణ వస్తువుల కోడ్ 4420. కాబట్టి ఫారంలో `Hand-painted wooden figurines, decorative` అని రాయండి. అయితే మీ పేజీలో ‘పిల్లలు ఆడుకోవడానికి’ అని ఉండకూడదు. చిన్న ఎడ్లబండి లాంటివి నిజంగానే పిల్లలకని అమ్ముతుంటే ఆ పరీక్ష తప్పదు, పేరు మార్చి తప్పించుకోవాలని చూడకండి. అందులో ఉన్నది పిల్లలు నోట్లో పెట్టుకునే రంగు.

ఇంకో మాట. బొమ్మలు విరగకుండా పెట్టెలో వరిగడ్డి కూరే అలవాటు మనకుంది. విదేశాలకు అది వద్దు. గడ్డితో పురుగూ తెగులూ వస్తాయని అక్కడి వ్యవసాయ తనిఖీవాళ్ళు పార్శిల్ ఆపేస్తారు. కాగితం ముక్కలు, బబుల్ షీట్ వాడండి.

ఇక సుంకం ఎవరు కట్టాలన్న ప్రశ్న. మీకూ కొన్నావిడకూ మధ్య ఉన్నది ఒక ఒప్పందం, మీకూ కొరియర్‌కూ మధ్య ఉన్నది వేరే ఒప్పందం. కొరియర్ వేబిల్లులో పంపినవారు మీరు. అందుకున్నవారు కట్టకపోతే పంపినవారే కట్టాలని వాటి షరతుల్లో సాధారణంగా ఉంటుంది. అదే ఉంటే కొరియర్ వాళ్ళు మిమ్మల్ని అడగడంలో తప్పు లేదు. వాళ్ళకు కట్టి, దాన్ని కొన్నావిడ దగ్గర రాబట్టుకోవాల్సింది మీరు. సరుకుల అమ్మకాల చట్టం, 1930 మీ వైపు కొంత ఉంది. 39వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, సరుకును రవాణాదారుకు అప్పగిస్తే కొన్నవారికి అప్పగించినట్టే. 44వ సెక్షన్ ప్రకారం, తీసుకోకుండా నిరాకరించిన కొనుగోలుదారు ఆ నష్టానికి బాధ్యులు. కానీ మీరే ఇది గిఫ్ట్ అని రాసిన కాగితం పట్టుకుని, ఇది అమ్మకం, నాకు నష్టపరిహారం ఇప్పించండి అని అడగడం ఎంత కష్టమో ఆలోచించండి. 24,000 కోసం న్యూజెర్సీ దాకా దావా నడపమని నేను చెప్పను.

అందుకే ఆ పార్శిల్‌ను వాదనతో కాకుండా కాగితంతో బయటికి తేవాలి. ఈ వారమే కొరియర్ వాళ్ళకు మెయిల్ రాయండి. ఫారంలో తప్పు పడిందని ఒప్పుకుని, అసలు ఇన్వాయిస్, డబ్బు అందిన రుజువు జతచేయండి. పాత తేదీతో కొత్త ఇన్వాయిస్ తయారుచేయకండి. ఇక్కడి కస్టమ్స్ పత్రాన్ని కస్టమ్స్ చట్టంలోని 149వ సెక్షన్ కింద సవరించమని అడగవచ్చు, అయితే సరుకు వెళ్ళిపోయాక, పంపేనాటికి ఉన్న పత్రాల ఆధారంగానే సవరణకు వీలుంటుంది. ఆవిడతో మాట్లాడి సుంకం చెరిసగం పంచుకోవడానికి ఒప్పించగలిగితే అదే చౌక. వెనక్కి రప్పిస్తే రవాణా ఖర్చు మీదే, పైగా ఇక్కడ మళ్ళీ దిగుమతి లెక్క. మూడేళ్ళ లోపు తిరిగొచ్చిన మన సరుకుకు సుంకం మినహాయింపు ఉంది గానీ, వెళ్ళిన సెట్టే వచ్చిందని ఎగుమతి పత్రంతో చూపాలి. మీ పత్రంలో ఉన్నది 20 డాలర్ల గిఫ్ట్. దారిలో పోయినా నష్టపరిహారం మామూలుగా ఆ 20 డాలర్లు దాటదు.

డాలస్ ఆయనకు ఆర్డరు ఖాయం చేసే ముందే, డబ్బు తీసుకోకముందే, ఈ మాటలు వాట్సాప్‌లో పంపి ‘సరే’ అనిపించుకోండి: “మీ దేశంలో పడే కస్టమ్స్ సుంకం, పన్నులు, కొరియర్ క్లియరెన్స్ ఛార్జీలు ఈ ధరలో లేవు. అవి మీరే కట్టాలి. మీరు కట్టకపోవడం వల్ల పార్శిల్ వెనక్కి వస్తే రానూ పోనూ ఖర్చులు మినహాయించుకుని మిగిలింది తిరిగి ఇస్తాను.” ఆయనకు ఈ టెన్షన్ వద్దంటే సుంకాన్ని ముందే ధరలో కలిపి, మీరే కట్టే డీడీపీ పద్ధతిలో పంపండి. అమెరికాకు అదే మేలని నా అభిప్రాయం. తపాలా శాఖ కూడా 2025 అక్టోబరు 15న అమెరికాకు పార్శిళ్ళు తిరిగి మొదలుపెట్టినప్పుడు ఆ పద్ధతే పెట్టింది. సుంకం బుకింగ్ కౌంటర్‌లోనే వసూలు చేస్తారు, కొన్నవారి గుమ్మం దగ్గర మళ్ళీ అడగరు.