పేజీ అంతా పసుపైపోతే రివిజన్‌కి ఏం మిగులుతుంది?

ప్రశ్న: మాది నరసన్నపేట. గ్రూప్-2కి చదువుతున్నాను. పాలిటీ పుస్తకం రెండుసార్లు చదివి హైలైట్ చేసుకున్నాను. కానీ రివిజన్‌కి కూర్చుంటే మళ్ళీ మొత్తం చదవాల్సి వస్తోంది. ఎలా మార్క్ చేసుకుంటే త్వరగా అవుతుంది?

జవాబు:

నేనూ ఇలాగే ఇబ్బంది పడ్డానండీ. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర రూమ్ తీసుకుని చదివిన మొదటి ఏడాది, కొత్త చాప్టర్ తెరవగానే హైలైటర్ మూత తీసేవాణ్ణి. మొదటిసారి చదివేటప్పుడు ప్రతి వాక్యం కొత్తదే కాబట్టి ప్రతిదీ ముఖ్యమనే అనిపిస్తుంది. పరీక్షకు పది రోజుల ముందు అత్యవసర పరిస్థితి చాప్టర్ తీస్తే పేజీలో సగానికి పైగా పసుపే. ఆ రోజు చాలా టెన్షన్ పడ్డాను.

ఆ తర్వాత మొదటిసారి చదివేటప్పుడు పెన్సిల్ తప్ప ఏమీ పట్టుకోలేదు. ఆగి ఆలోచించాల్సి వచ్చిన చోట మార్జిన్‌లో ఒక చుక్క పెట్టేవాణ్ణి, అంతే. మర్నాడు ఆ చాప్టర్ మీద పాత పేపర్లలో వచ్చిన ప్రశ్నలు చూసి, అప్పుడు రెండోసారి చదివేవాణ్ణి. చుక్కల్లో సగం అనవసరమని అప్పుడే తెలిసిపోతుంది, వాటిని చెరిపేయండి. మిగిలిన చోట్లే రంగు వేయండి. అదీ వాక్యం మొత్తానికి కాదు, ఒకదాంతో ఒకటి తికమకపడే మాటకే.

ఉదాహరణకి, రాజ్యాంగంలో 352వ అధికరణ కింద జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటిస్తే పార్లమెంటు ఒక నెలలోగా ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. 356 కింద రాష్ట్రపతి పాలనకి రెండు నెలల గడువు, సాధారణ మెజారిటీ చాలు. ఇక్కడ నేను రంగు వేసింది "ఒక నెల", "ప్రత్యేక", "రెండు నెలలు", "సాధారణ" అనే మాటలకే. 352కి కూడా మొదట రెండు నెలల గడువే ఉండేది, 1978లో 44వ సవరణ దాన్ని ఒక నెల చేసింది. తికమక అక్కడే పుడుతుంది కాబట్టి "44" అనే అంకె చుట్టూ ఒక గుండ్రం గీశాను.

అసలు పని చేసేది మార్జిన్. అందులో సారాంశం రాయకండి, "ఇంపార్టెంట్" అని స్టార్లు పెట్టకండి. రివిజన్ రోజు స్టార్ చూస్తే ముఖ్యమని తెలుస్తుంది గానీ, అది మీకు వచ్చో రాదో తెలియదు. మార్జిన్‌లో ప్రశ్న రాయండి, జవాబు ఆ పక్కనే పేరాలో ఉంటుంది. ఆ చాప్టర్‌లో నేను రాసుకున్నవి ఇలా ఉండేవి: "352 ఆమోదం ఎన్నాళ్ళు? 356తో తేడా?", "359లో ఏ హక్కులు ఆగవు?", "సాయుధ తిరుగుబాటు అయితే 19 ఆగుతుందా?"

ఈ చివరి ప్రశ్న నేను మూడుసార్లు తప్పు చెప్పాను. 358 ప్రకారం 19వ అధికరణ దానంతటదే ఆగిపోయేది యుద్ధం, విదేశీ దాడి కారణంగా ప్రకటించినప్పుడే. సాయుధ తిరుగుబాటుకి అది వర్తించదు. పసుపు రంగు వేసి చదివినప్పుడు ఇది నాకు వచ్చనే అనుకున్నాను. అట్టముక్కతో పేరా మూసి, మార్జిన్ ఒక్కటే చూస్తూ పైకి చెప్పినప్పుడే రాదని బయటపడింది. రివిజన్ అంటే ఈ అట్టముక్క పనే. జవాబు వస్తే కిందికి జరపండి, రాకపోతే ఆ పేరా ఒక్కటే చదవండి.

ఫ్లాగులు తప్పిన ప్రశ్నలకే పెట్టండి. పుస్తకం పక్క అంచున అర సెంటీమీటరు మాత్రం బయటికి కనిపించేలా అంటించి, దాని మీద "358" అని అంకె రాస్తే చాలు. మూడు వేర్వేరు రోజుల్లో సరిగ్గా చెప్పగలిగాక ఫ్లాగు పీకేయండి. రోజులు గడిచేకొద్దీ ఫ్లాగులు తగ్గుతుంటేనే చదువు ముందుకి వెళ్తున్నట్టు. ఒకే పేజీకి మూడు, నాలుగు చేరాయంటే అక్కడ గుర్తులు పెంచి లాభం లేదు, ఆ విషయమే అర్థం కాలేదని లెక్క. దాన్ని మళ్ళీ మొదటినుంచి చదవాలి.

ఇంకో మాట. మన పుస్తకాల కాగితం పల్చన, హైలైటర్ వెనక పేజీకి దిగుతుంది. ముందు చివరి పేజీ మీద గీసి చూడండి, దిగితే కలర్ పెన్సిల్ వాడండి. జెల్ పెన్‌తో రాసిన దాని మీద హైలైటర్ పెడితే అలుక్కుపోతుంది, మార్జిన్‌కి బాల్ పెన్ మంచిది. లైబ్రరీ పుస్తకమైతే దాని మీద ఏమీ రాయకుండా, ప్రశ్నలు చీటీల మీద రాసి పేజీల మధ్య పెట్టుకోండి.

రెండో ఏడాది పరీక్షకి ఆమదాలవలసలో విశాఖ రైలెక్కాను. అత్యవసర పరిస్థితి చాప్టర్ మార్జిన్ ప్రశ్నలన్నీ చీపురుపల్లి రాకముందే అయిపోయాయి. ఆ చాప్టర్‌లో అప్పటికి మిగిలిన ఫ్లాగు ఒక్కటే, 358ది. దాన్ని విజయనగరం స్టేషన్‌లో పీకేశాను.